ముగ్గు ముక్కైన ఆదివారం

పురసవాక్కంలో మా సభ్యుల మేడ మీద ఆదివారం తెలుగు తరగతి నడుపుతున్నామని మీకు తెలుసు. రెండో తరగతి పిల్లలకు డిక్టేషన్ చెప్పడం మొదలుపెట్టాక మేమే కొంత నేర్చుకున్నాం. అది చెబుదామనే ఈ నాలుగు మాటలు.

మొదట మూడు మెట్లు పెట్టుకున్నాం. ఒకటో మెట్టులో ఒత్తులు, సున్నాలు లేవు, గుణింతాలే: "తాత తోటకు పోయాడు. జామకాయ కోశాడు. పాపకని దాచాడు." రెండో మెట్టులో సున్నా, ద్విత్వాలు: "అమ్మ గుమ్మం ముందు ముగ్గు పెట్టింది. తమ్ముడు వచ్చి తొక్కాడు. అమ్మ నవ్వింది." మూడో మెట్టులో పుస్తకం, రాత్రి, చంద్రుడు లాంటి మాటలు.

రెండో మెట్టు దగ్గర ఒక పాప ఇలా రాసింది: "అమ్మ కుమ్మం ముంతు ముక్కు పెట్టింది. తమ్ముటు వచ్చి తొక్కాటు. అమ్మ నవ్వింది." మాలో ఒకరు పకపకా నవ్వారు. పాప పలక తిప్పేసుకుంది. ఆ నవ్వు మాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఎందుకంటే ఆ పాప సరిగ్గానే విన్నది. బడిలో నేర్చేది తమిళ లిపి. అక్కడ క, గ లకు ఒకటే అక్షరం. ట, డ లకూ, త, ద లకూ అంతే. అచ్చుల మధ్య వస్తే మెత్తగా పలుకుతారు, జంటగా వస్తే గట్టిగా పలుకుతారు. ముగ్గులోని జంట గకారాన్ని రాసే దారే ఆ లిపిలో లేదు. పాప తన లెక్క ప్రకారం రాసింది, అంతే.

పాత పద్ధతిలో పది మాటల్లో అయిదు తప్పు, పదికి అయిదు. ఇప్పుడు మాటకు రెండు మార్కులు ఇస్తున్నాం. అక్షరాలేవీ వదలకుండా, గుణింతం, ఒత్తు ఉండాల్సిన చోట ఉంటే ఒకటి; సరైన అక్షరం పడితే ఇంకొకటి. ఆ లెక్కన పాపకు ఇరవైకి పదిహేను. తర్వాత మరోసారి నిదానంగా చదివి, తప్పెక్కడో చెప్పకుండా, పెన్సిల్ రంగు మార్చి దిద్దుకోమంటాం. తానే పట్టుకున్న ప్రతి తప్పుకూ అరమార్కు. పాప తమ్ముడు, తొక్కాడు దిద్దుకుంది. పదహారు! గుమ్మం, ముందు, ముగ్గు మాత్రం పట్టుకోలేదు. ఆ వారం ఇంటి పని ముగ్గు, ముక్కు, అగ్గి, అక్క పక్కపక్కన పలికి రాయడమే.

ఒక చిక్కు కూడా ఉంది. దిద్దే మోజులో కొందరు పిల్లలు కనిపించిన ప్రతి 'క'నూ 'గ' చేసేస్తారు, అక్క కాస్తా అగ్గ అవుతుంది. సరైనది చెడగొడితే అరమార్కు వెనక్కి తీసుకుంటాం. చదివేటప్పుడు "ము... గ్గు" అని సాగదీయకండి, రెండు మూడు మాటలు కలిపి మామూలుగా పలకండి.

భోజనాన్ని బోజనం అని రాస్తే మార్కు తగ్గించడం లేదు. మేం పలికేది అలాగే కదా!