తప్పు జవాబూ నాకు కావాలి

పిల్లలు ఇంట్లో చూసి రావాల్సిన దశాంశాల వీడియోను మధ్యలో ఆపి, "బిందువు తర్వాతి మొదటి స్థానం పేరేమిటి?" అని అడిగాను. అందరూ "పదో వంతు" అనే నొక్కారు. మర్నాడు కంకిపాడులో మా క్లాసులో, 0.5 లీటరు పాలు ఎక్కువా, 0.35 లీటరా అంటే చాలామంది 0.35 అన్నారు. "అయిదు కన్నా ముప్పై అయిదు పెద్దది కదా టీచర్!" అప్పుడు తెలిసింది, వీడియోలో నేను చెప్పిన మాటనే తిరిగి అడిగానని.

ఇప్పుడు ఆ పాల ప్రశ్నే వీడియోలో ఉంది. 0.35 నొక్కితే, 0.5ను 0.50గా రాసి పోల్చే చిన్న ముక్క వస్తుంది. ఎవరు ఏది నొక్కారో పొద్దున్నే చూసుకుని, క్లాసు అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఒక బాబుకు అన్నీ సరైనవే వచ్చాయి, బోర్డు దగ్గర మాత్రం తడబడ్డాడు. "అమ్మ చెప్పింది టీచర్" అన్నాడు. వీడియో ఆగినప్పుడు దయచేసి జవాబు అందించకండి. "ఎందుకలా అనుకున్నావు?" అని మాత్రం అడగండి.