ఆరో ముడి

"కానీ" అనే మాటను మా క్యూ షీటులోంచి తీసేయడానికి ఒక ఆట చెడగొట్టుకోవాల్సి వచ్చింది.

1985లో నేను పదో తరగతి. గుంటూరు జిల్లాలో కాలువగట్టు మీది ఊరు మాది. మా తెలుగు మాస్టారు ఆ ఏడు ముప్పావుగంట నాటిక ఒకటి రాశారు. వానరాత్రి పడవవాడి భార్య లాంతరు ముందు పెట్టుకుని మొగుడి కోసం ఎదురుచూస్తుంటుంది, అత్త మంచం మీంచి సణుగుతుంటుంది. కథంతా అంతే. నాకు గొంతు లేదని వేషం ఇవ్వలేదు, చేతిరాత బాగుందని కాగితం ఇచ్చారు. ఏ మాటకి లైటు తగ్గాలి, ఎప్పుడు పెరగాలి, ఎప్పుడు ఉరమాలి అన్నవి వరసగా రాయాలి. ఆట జరుగుతున్నంతసేపూ పక్కతెర వెనక నిలబడి వాటిని మెల్లగా చదవాలి. లైటు నడిపే మైకుసెట్టు బాబాయి కాగితం చూడలేడు. ఆయన కళ్ళు జాడీ మీద ఉండాలి.

జాడీ సంగతి చెప్పాలి. లైటును నెమ్మదిగా తగ్గించే యంత్రం కొనే స్తోమత మా వైపు ఎవరికీ లేదు. బాబాయి పెద్ద ఊరగాయ జాడీలో ఉప్పునీళ్ళు పోసి, అడుగున ఒక ఇనప బిళ్ళ పెట్టి, పైనుంచి ఇంకో బిళ్ళను నైలాను తాడుకి వేలాడదీసేవాడు. లైటుకి పోయే కరెంటు ఈ రెండు బిళ్ళల మధ్య నీళ్ళగుండా పోవాలి. బిళ్ళలు దగ్గరైతే లైటు నిండుగా వెలుగుతుంది. దూరం జరిగేకొద్దీ నీళ్ళు అడ్డుపడి మసకబారుతుంది. తాడుకి రెండేసి వేళ్ళ ఎడంలో ఆరు ముళ్ళు వేశాడు. మొదటి ముడి దగ్గర పూర్తి వెలుగు, ఆరో ముడి దగ్గర బల్బులో తీగ మాత్రం నిప్పుకణికలా ఎర్రగా కనిపిస్తుంది. బొత్తిగా ఆర్పాలని బిళ్ళను నీళ్ళలోంచి పైకి లాగితే చిటపటా నిప్పురవ్వలు లేస్తాయి, అందుకని ఆరో ముడి దాకా లాగి అప్పుడు స్విచ్చి ఆపాలి. ఆ నీళ్ళలో కరెంటు ఉంటుంది. ఆయన ఎండిన చెక్కబల్ల మీద నిలబడి తనొక్కడే తాడు పట్టుకునేవాడు. మేం దాటకుండా రెండు బారల దూరంలో ముగ్గుపిండితో గీత గీసేవాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ గీత కూడా చాలదనిపిస్తుంది. ఇది చదివి ఎవరూ ఇంట్లో చేసి చూడకండి.

మొదటి ఆట బాలల దినోత్సవం నాడు. నేను "సిద్ధం" అంటే తాడు పట్టుకోవాలి, "కానీ" అంటే లాగాలి. అలా అనుకున్నాం. అత్త మంచం మీద లేచి కూర్చుని "వెళ్ళాలనే ఉందే, కానీ..." అంటూ ఆగింది. బాబాయి బిళ్ళను ఆరో ముడికి లాగేశాడు. అత్త మిగతా బాధంతా చీకట్లోనే చెప్పుకుంది.

"ఏమయ్యా, అప్పుడే చీకటి చేశావేం?" అన్నారు మాస్టారు తెర పడ్డాక.

"మీ వాళ్ళేగదండీ కానీ అన్నారు!"

ఆ రాత్రే కాగితం మీద "కానీ" కొట్టేసి, తగ్గించడానికి "లాగు", పెంచడానికి "వదులు" అని రాశాను. చెప్పే మాట చేసే పనే అయితే పొరపాటుకి చోటుండదు. అవి నాటికలో ఎక్కడా లేవని రెండుసార్లు చదివి చూసుకున్నాను కూడా.

రెండో ఆట డిసెంబరులో, పక్క ఊరి బళ్ళో. ఇక్కడ రెండు దెబ్బలు తగిలాయి. పడవవాడి భార్య వేసిన తొమ్మిదో తరగతి అమ్మాయి జనాన్ని చూసి బెదిరి నాలుగు మాటలు మింగేసింది. నేను లాగమనడానికి గుర్తు పెట్టుకున్న మాట ఆ నాలుగింటిలోనే ఉంది. ఆమె లాంతరు ఊదేసి పడుకున్నా నేను ఆ మాట కోసం చూస్తూనే ఉన్నాను.

రెండోది అంత తేలిగ్గా అంతుపట్టలేదు. చివరి రంగంలో లైటు రెండో ముడి నుంచి ఐదో ముడికి తగ్గాలి. బాబాయి ఐదుకే లాగాడు, నా కళ్ళతో చూశాను. అయినా వెలుగు తగ్గాల్సినంత తగ్గలేదు. ఆ పిల్ల చీకట్లో తడుముకుంటున్నట్టు చేతులు చాపితే, ముందు వరసలో పిల్లలు కిసుక్కున నవ్వారు.

"ఊరు పడుకుందిరా, వోల్టేజి పెరిగింది" అన్నాడు బాబాయి. నిజమే అనుకునేవాణ్ణి, కానీ బడి వసారాలో జాడీతో సంబంధం లేని బల్బొకటి సాయంత్రం ఎలా ఉందో అప్పుడూ అలాగే ఉంది. వోల్టేజి పెరిగితే అదీ పెరగాలిగా? మెయిన్ ఆపాక ఆయన జాడీ మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. స్నానానికి కాచిన నీళ్ళలా ఉంది. అరగంట పైగా కరెంటు పారి నీళ్ళు కాగాయి. కాగిన ఉప్పునీళ్ళలో కరెంటు ఇంకా సులువుగా పోతుందని సైన్సు మాస్టారు చెప్పారు. రిహార్సల్లో చివరి రంగాన్ని ఎప్పుడూ విడిగా, చన్నీళ్ళతోనే చేశాం. అందుకే ఐదో ముడి మాకు అబద్ధం చెప్పింది.

మూడోదీ ఆఖరిదీ కనుమ నాటి రాత్రి, మా ఊళ్ళోనే. దానికి కాగితం మొత్తం తిరగరాశాను. ముందురోజు నాటికను ఎక్కడా ఆపకుండా నడిపించి, ప్రతి రంగంలో ఎన్నో ముడి దగ్గర ఎంత వెలుగు వస్తుందో చూసి రాసుకున్నాను. మొదటి రంగంలో మసకకి ఐదు చాలు, చివరి రంగంలో అదే మసకకి ఆరు కావాలి. రెండు ఆటల మధ్య ఉప్పు చిటికెడు ఎక్కువైనా ఈ లెక్క తప్పుతుంది. అందుకని నీళ్ళు ఎన్ని చెంబులో, ఉప్పు ఎన్ని చెంచాలో కూడా కాగితం నెత్తిన రాశాను.

మాటల గుర్తులు చాలావరకు తీసేసి చేతల గుర్తులు పెట్టాను. మాట మర్చిపోయినా లాంతరు తగ్గించడం ఎవరూ మర్చిపోరు. పైగా ఆమె ఊదాక నేను చూసి, చెప్పి, ఆయన లాగేసరికి ఆలస్యమైపోతుంది. అందుకే పదిహేడో నంబరు ఇలా తేలింది: "సిద్ధం, అత్త అటు తిరగగానే. లాగు, అమ్మాయి వంగి లాంతరు మర పట్టుకోగానే. మూడు నుంచి ఆరుకి, నాలుగు లెక్కపెట్టేలోపు. స్విచ్చి, ఆమె బుగ్గలు పూరించగానే."

చప్పుళ్ళ సంగతి తేలిగ్గానే తేలింది. టేపురికార్డరులో పట్టిన అసలు వాన గారెలు వేగుతున్నట్టు వినబడింది. దాన్ని పక్కన పడేసి చేటలో కందులు పోసి అటూ ఇటూ ఒంపాం. ఉరుముకి రేకు. మెరుపుకీ ఉరుముకీ మధ్య ఎడం మాత్రం సైన్సు మాస్టారి సలహా. చప్పుడు కిలోమీటరు రావడానికి మూడు సెకన్లు పడుతుంది కాబట్టి మొదటి మెరుపు తర్వాత ఆరు లెక్కపెట్టి రేకు ఊపాలి, తర్వాత మూడు, ఆఖరున ఒకటి. వాన ఊరి మీదికి వస్తున్నదని నాటికలో ఎవరూ నోటితో చెప్పరు.

కనుమ నాడు ఆ అమ్మాయి మళ్ళీ రెండు మాటలు మింగింది. అయినా వంగింది, మర పట్టుకుంది. "లాగు" అన్నాను. లాంతరుతోపాటు గోడ మీద ఆమె నీడ కూడా కరుగుతూ పోయింది. ఊదింది, చీకటి. మెరుపు తర్వాత ఒకటి లెక్కపెట్టాను, రేకు మోగింది. ముందు వరసలో పిల్లలెవరూ నవ్వలేదు.

ఆ కాగితంలో ఆఖరి నంబరు 23. అది నాటికలోది కాదు, బాబాయి చెప్పి రాయించింది: "మెయిన్ ఆపాక, నీళ్ళు చల్లారాక పారబోయాలి. జాడీ మీ పిన్నిది, పగలగొట్టకండి."