లైటు డ్యూటీ అర్జీ

ఒక అర్జీ సంగతి చెబుతాను.

విజయనగరం జిల్లాలో జూట్ మిల్లులు ఎప్పటినుంచో ఉన్నాయి కదా. అలాంటి ఒక మిల్లులో స్పిన్నింగులో పనిచేసే ఆయన ఒకరు ఈమధ్య కాగితం పట్టుకొచ్చాడు. రాత్రి షిఫ్టులో బాబిన్ల ట్రాలీ తోస్తుంటే గుండె దడదడలాడుతోందట. డాక్టరు ఈసీజీ తీసి, రక్తపరీక్ష రాసి, కొన్నాళ్లు విశ్రాంతి అవసరమన్నారు. ఈయన రాసుకొచ్చిన అర్జీ ఇదీ: “నాకు గుండె దడగా ఉన్నది. డాక్టరు గారు రెస్టు తీసుకోమన్నారు. దయచేసి లైటు డ్యూటీ ఇప్పించగలరు.”

“మాస్టారూ, ఇది సరిపోద్దా?” అన్నాడు.

సరిపోదు. ఎందుకంటారా? మేనేజరు స్థానంలో కూర్చుని చదవండి. డాక్టరు రెస్టు అన్నాడు, ఈయన డ్యూటీ అంటున్నాడు. రెస్టయితే సెలవు పెట్టుకోవాలి, డ్యూటీ అయితే చెయ్యాలి. పైగా ‘లైటు’ అంటే ఏ పని? ట్రాలీ తోసేవాడికి బాబిన్లు ఏరడం లైటే, కానీ దానికీ రాత్రంతా నిలబడాలి. ‘గుండె’ అన్న మాట చదవగానే ఆయనకి ఇంకో భయం పట్టుకుంటుంది. రేపు మిషన్ దగ్గర పడిపోతే ఎవరు జవాబు చెప్పాలి? కాబట్టి తేలిగ్గా ఉండే జవాబు “ఇంటికి పొమ్మనండి” అనేదే.

మళ్లీ డాక్టరు దగ్గరకే పంపాను. దడకి కారణాలు చాలా ఉంటాయి: రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఎక్కువైనా, నిద్ర లేకపోయినా, ఎండలో నీరు తాగకపోయినా, టీలు మీదుమీద తాగినా, గుండె లయే తప్పినా దడే. దడ లేనప్పుడు తీసిన ఈసీజీ బాగానే కనిపించవచ్చు. అందుకే కొందరికి 24 గంటలు ఒంటికి కట్టే హోల్టర్ పరీక్ష చేస్తారు. ఆ కారణం తేల్చే పని డాక్టరుది. మేనేజరుకు కావలసినది వేరు: ఈ మనిషి ఏం చెయ్యకూడదు, ఎన్నాళ్లు, మళ్లీ ఎప్పుడు చూపిస్తాడు. ఈ మూడూ సర్టిఫికెట్ మీద రాయించుకుంటే ఈసీజీ కాగితాలన్నీ ఆఫీసులో పరచక్కర్లేదు.

రెండోసారి సర్టిఫికెట్ స్పష్టంగా వచ్చింది. దాన్ని బట్టి అర్జీ ఇలా కుదిరింది:

“గౌరవనీయులైన మేనేజరు గారికి నమస్కారాలు. నేను స్పిన్నింగులో సి షిఫ్టులో పనిచేస్తున్నాను. జతచేసిన సర్టిఫికెట్ ప్రకారం నాలుగు వారాలపాటు రాత్రి డ్యూటీ, బరువులు తోయడం, మెట్లు ఎక్కి దిగే పని చేయరాదు. కూర్చుని చేసే పని, పగటి షిఫ్టులో చేయగలను. కుట్టు విభాగంలో గానీ, స్టోర్సులో గానీ, లెక్క రాసే దగ్గర గానీ మీ వీలును బట్టి వేయగలరు. పని మధ్యలో దడ వస్తే వెంటనే సూపర్‌వైజరు గారికి చెప్పి ఆగుతాను. నాలుగు వారాల తర్వాత డాక్టరుకు చూపించుకుని, ఆ కాగితం తెచ్చి ఇస్తాను. ఇలాంటి పని లేకపోతే సెలవు మంజూరు చేయగలరు.”

చూశారా, జాలి పడమన్న మాట ఎక్కడా లేదు. మేనేజరు రేపు పొద్దున్న ఎవరిని ఎక్కడ వేయాలో తేల్చుకోడానికి కావలసిన మాటలే ఉన్నాయి.

అర్జీలో చివరి వాక్యం మరీ ముఖ్యం. లైటు డ్యూటీ దొరుకుతుందన్న హామీ లేదు, అది మిల్లు వీలును బట్టి ఉంటుంది. దొరక్కపోతే ఈఎస్ఐ ఉంది. నెల జీతం 21,000 లోపు ఉండి కార్డున్నవాళ్లకి, ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా పడితే, ఈఎస్ఐ డాక్టరు పనికి రావద్దని సర్టిఫై చేసిన రోజులకి జీతంలో 70 శాతం వస్తుంది. ఏడాదికి 91 రోజుల దాకా. సాధారణంగా మొదటి రెండు రోజులకి రాదు. డ్యూటీ చేసి జీతం తీసుకున్న రోజుకి ఈ డబ్బు రాదు, కాబట్టి సగం డ్యూటీ, సగం ఈఎస్ఐ అన్న ఆశ పెట్టుకోవద్దు. ఆ డబ్బు తీసుకుంటున్న కాలంలో జబ్బు వంకతో పనిలోంచి తీసెయ్యడానికి యాజమాన్యానికి వీల్లేదు.

ఇంకొక్క మాట. దడతోపాటు ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం ఏ ఒక్కటి ఉన్నా అర్జీల జోలికి పోకుండా 108కి ఫోన్ చెయ్యండి. అవేవీ లేకపోతే, డాక్టరు గదిలోంచి లేచే ముందే “ఏ పని చెయ్యకూడదు, ఎన్నాళ్లు, మళ్లీ ఎప్పుడు రావాలి?” అని అడిగి రాయించుకోండి. అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకుని దాచుకోండి.