బ్యాచ్ నంబర్ హిసాబ్

తమ్ముడి మందుల దుకాణానికి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి. డెమో చూపించే అబ్బాయి రిపోర్టులు తిప్పుతుంటే, "ముందు ఒక చిన్న ఇమ్తెహాన్ పెడదాం" అన్నాను.

ఒకే దవా రెండు బ్యాచులు, చెరి 30 స్ట్రిప్పులు ఎక్కించాం. రెండో బ్యాచ్ నుంచి 10 తీసి బిల్లు కొట్టాం. సాఫ్ట్‌వేర్ మాత్రం గడువు ముందున్న మొదటి బ్యాచ్‌లో తగ్గించింది. మొత్తం 50, హిసాబ్ బరాబర్! కానీ రేపు రెండో బ్యాచ్ రీకాల్ అయితే, అలర్ట్ వచ్చినా తెర మీద ఒక్కటీ అమ్మలేదనే ఉంటుంది. ఆ 10 స్ట్రిప్పులు ఎవరింట్లో ఉన్నాయో ఖబర్ ఉండదు.

"మరి ఏది తీసుకుందాం, భాయిజాన్?" అన్నాడు తమ్ముడు.

చేతిలో ఉన్న స్ట్రిప్ మీది బ్యాచ్‌నే బిల్లులో ఎంచుకోనిచ్చేది, రీకాల్ అయిన బ్యాచ్ అమ్మకం ఆపేసి, కొన్నవాళ్ల జాబితా ఇచ్చేది తీసుకున్నాం. బిల్లులో ఫోన్ నంబర్ రాయడం, నెలకోసారి అలమారాలో బ్యాచుల వారీగా లెక్కపెట్టి తెరతో పోల్చడం మాత్రం తమ్ముడి జిమ్మేదారీ. అది సాఫ్ట్‌వేర్ చేయదు.