చెదల మందు కొట్టించే ముందు

మా పాలకీడులో తలుపు చట్రానికి చెదలు పట్టాయంటే మిర్యాలగూడ నుంచి మందు కొట్టేవాళ్లని పిలిపించుకుంటాం. మా ఇంటికి ఇద్దరు వచ్చి చూశారు. ఒకాయన "ఐదేళ్లు గ్యారంటీ అమ్మా" అని నోటిమాటగా తక్కువ ధర చెప్పాడు. రెండో ఆయన కొంచెం ఎక్కువే అడిగాడు కానీ, మందు ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం అని, లీటరు నీళ్లకి 2.1 మిల్లీలీటర్లు కలుపుతామని, గోడ వెంబడి నేలలో అడుగుకో రంధ్రం వేస్తామని కాగితం మీద రాసిచ్చాడు.

ఆ కాగితం ఉంటే లెక్క మనమే చూసుకోవచ్చు. మా గది 12 అడుగులకి 10. చుట్టూ 44 అడుగులు, గుమ్మం పోను 40 రంధ్రాలు. ఒక్కోదానిలో మట్టి పీల్చినంత, లీటరు వరకు పోస్తారు. అంటే దాదాపు 40 లీటర్ల నీళ్లు, 84 మిల్లీలీటర్ల మందు. ఐదు లీటర్ల పంపుతో గోడల మీద చల్లి వెళ్తే పైకి కనబడే చెదలే చస్తాయి, నేలలోని పుట్ట అలాగే ఉంటుంది. సీసా సీలు మన ముందే తీయించి, గడువు తేదీ చూసుకోవాలి. వ్యవసాయ శాఖ ఇచ్చిన లైసెన్సు కూడా అడగాలి.

గ్యారంటీలో "మళ్లీ వస్తే ఉచితంగా మందు కొడతాం" అని మాత్రమే ఉంటే, పాడైన తలుపు ఖర్చు మనదే. టైల్స్ మార్చినా, గోడ పగలగొట్టినా గ్యారంటీ పోతుందా అని ముందే అడగండి. ఫోన్ చేస్తే ఎన్ని రోజుల్లో వస్తారో, పిలవకపోయినా ఏ నెలల్లో వచ్చి చూస్తారో రాయించుకోండి. నేనైతే కొంత డబ్బు మొదటిసారి చూసి వెళ్లాకే ఇస్తానని అందులోనే రాయించాను.