రాజీనామాకి ముందే అడిగితే...

రాజీనామా కాగితం మీద ‘సొంత కారణాలు’ అని రాసేవాళ్లకి, అలా రాయడానికి ఓ గట్టి కారణమే ఉంటుంది. ఆ రోజున ఆఖరి నెల జీతం, రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్... అన్నీ యజమాని సొరుగులోనే ఉంటాయి. ఎదురుగా కూర్చోబెట్టి ‘ఎందుకు మానేస్తున్నావమ్మా?’ అంటే నిజం ఎవరు చెబుతారు?

గుంటూరులో ఓ రక్తపరీక్షల ల్యాబ్. సిబ్బంది 15 మంది. ఎనిమిది నెలల్లో ముగ్గురు టెక్నీషియన్లు మానేశారు. ముగ్గురినీ యజమాని వెళ్లేముందు పిలిచి మాట్లాడారు. ఒకరు ఇంట్లో ఇబ్బందులన్నారు. మిగతా ఇద్దరూ ‘అక్కడ జీతం ఎక్కువిస్తున్నారు సార్’ అన్నారు. జీతమనేది అందరికీ సౌకర్యంగా ఉండే జవాబు. చెప్పేవాళ్లకి మొహమాటం ఉండదు, వినేవాళ్లకి తప్పు తమది కాదనిపిస్తుంది.

రెండు నెలలయ్యాక, లెక్కలన్నీ తేలిపోయి కాగితాలు ఇచ్చేశాక, ఆ ముగ్గురికీ ఫోన్ చేయించారాయన. చేసింది ఆయన కాదు, వాళ్ల మీద ఏ పెత్తనమూ లేని అకౌంటెంటు. జీతం కోసం వెళ్లానన్న అమ్మాయికి కొత్తచోట పెరిగింది నెలకి 500 రూపాయలే! ఆటో ఖర్చుకి కూడా చాలదు. అంటే కారణం జీతం కాదు. ఇంకొంచెం మాట్లాడితే అసలు సంగతి బయటపడింది. వచ్చే వారం ఎవరికి ఏ షిఫ్టో ఆదివారం రాత్రి తొమ్మిదింటికి ఫోన్లో మెసేజ్ పెట్టేవారు. పరగడుపు శాంపిళ్ల కోసం పొద్దున్నే ఆరింటికల్లా ఉండాలి. మూడేళ్ల బాబుని ఎవరి దగ్గర వదలాలో ఆ రాత్రికి రాత్రి తేల్చుకోవాలి. ఏడాదిపాటు తేల్చుకుని విసిగిపోయిందా అమ్మాయి.

ఇది తెలిసేసరికి మనిషి వెళ్లిపోయింది కదా, ఏం లాభం? అందుకే ఉన్నవాళ్లతో మాట్లాడాలనుకున్నారు. దీన్నే స్టే ఇంటర్వ్యూ అంటారు. పేరు కొత్తగా ఉన్నా చేసేది పాత పనే. ఉన్నప్పుడే అడగడం.

మొదటిరోజు అది కుదరలేదు. సీనియర్ టెక్నీషియన్‌ని తన గదిలోకి పిలిచి, తలుపు వేసి, ‘ఇక్కడ నీకు బాగానే ఉందా?’ అన్నారు. ‘బాగుంది సార్’ అని ఓ నిమిషం ఆగి, ‘నన్నేమైనా తీసేస్తున్నారా సార్?’ అని అడిగాడతను. పిలుపు ఎందుకో ముందే చెప్పకపోతే ఇలాగే అవుతుంది. అవునూ కాదూ అని తేలిపోయే ప్రశ్న వేస్తే జవాబూ అంతే పొడవుంటుంది.

ఆ తర్వాత పద్ధతి మార్చారు. వారం ముందే అందరికీ విషయం చెప్పారు. ఇంక్రిమెంట్ల నెల కాకుండా చూసుకున్నారు. లేకపోతే మాటలన్నీ జీతం చుట్టూనే తిరుగుతాయి. మధ్యాహ్నం శాంపిళ్లు తగ్గాక, ఒక్కొక్కరితో ఓ అరగంట. అమెరికాలో ఈ విషయం మీద పుస్తకాలు రాసిన రిచర్డ్ ఫినెగన్ సూచించిన ప్రశ్నల్లో ఒకటి ఆయనకి బాగా పనికొచ్చింది. ‘మానేద్దామని ఆఖరిసారి ఎప్పుడనిపించింది? ఆరోజు ఏం జరిగింది?’ అన్నదే అది. అభిప్రాయం అడిగితే మర్యాద అడ్డొస్తుంది, జరిగింది అడిగితే చెప్పేస్తారు.

రక్తం తీసే కుర్రాడు చెప్పాడు. శాంపిల్లో రక్తకణాలు పగిలిపోయి పరీక్షకి పనికిరాకపోతే పేషెంటుని మళ్లీ సూదితో గుచ్చాలి. అలా జరిగినప్పుడల్లా సూపర్‌వైజరు పేషెంటు ముందే ‘నీకు తీయడం రాదు’ అని తిడుతున్నారట. చిత్రమేమిటంటే ఆ శాంపిళ్లలో ఎక్కువ భాగం బయటి కలెక్షన్ సెంటర్ల నుంచి బండి మీద, ఎండలో, కుదుపుల్లో వస్తున్నవి! సూపర్‌వైజరే ఈ ఇంటర్వ్యూ చేసి ఉంటే ఈ మాట బయటికొచ్చేదా?

ఆయన ఎదురు వాదించలేదు. అతని ముందే నోట్‌బుక్‌లో రాసుకున్నారు. ‘పదిహేను రోజుల్లో చెబుతాను’ అన్నారు. చెప్పారు కూడా. షిఫ్టుల పట్టిక గురువారానికల్లా గోడ మీద అంటించడం మొదలైంది. శాంపిళ్లకి కుదుపు తగలని చల్లటి పెట్టెలు వచ్చాయి. జీతం పెంచమన్న ఇద్దరికీ ఏప్రిల్ దాకా కుదరదని మొహం మీదే చెప్పేశారు. నాన్చడం కన్నా అదే నయం. అడిగించుకుని ఏమీ చేయకపోతే, అసలు అడగని ఆఫీసులో కన్నా తొందరగా జనం వెళ్లిపోతారు.

ఒక్క జాగ్రత్త మాత్రం కష్టమైంది. 15 మంది ఉన్నచోట ‘ఎవరో అన్నారు’ అంటే ఆ ఎవరో ఎవరన్నది సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది. అందుకని సూపర్‌వైజరుతో కుర్రాడి ఊసెత్తలేదు. ఏ సెంటరు నుంచి వచ్చిన శాంపిళ్లు ఎన్ని పాడయ్యాయో నెలరోజుల లెక్క తీసి ఆయన ముందు పెట్టారు.

ఆ ఏడాది మళ్లీ ఒకరు మానేశారు. భర్తకి హైదరాబాదు బదిలీ అయింది. దాన్ని ఏ ప్రశ్నా ఆపలేదు. కానీ ఆ సంగతి రెండున్నర నెలల ముందే ఆమే వచ్చి చెప్పింది. కొత్త మనిషికి పని నేర్పించి మరీ వెళ్లింది.