పంపింగ్ లెమ్మా లొంగని చోట

మేం ఎం.టెక్. చదివే రోజుల్లో, 1997 ప్రాంతంలో, ఆటోమాటా థియరీ క్లాసు మధ్యాహ్నం భోజనాల తర్వాత ఉండేది. ఒక భాష రెగ్యులర్ కాదని చూపించమంటే మాకు తెలిసిన దారి ఒకటే, పంపింగ్ లెమ్మా. బి.టెక్.లోనే అందరం దాన్ని బట్టీ పట్టి వచ్చాం. భాషలోంచి తగినంత పొడవున్న ఒక స్ట్రింగ్ తీసుకో, దాని మొదట్లో ఒక ముక్క పట్టుకో, ఆ ముక్కని తీసేసినా, రెండుసార్లు రాసినా, పదిసార్లు రాసినా భాషలోనే ఉండాలి. అలాంటి ముక్క ఒక్కటీ దొరక్కపోతే అది రెగ్యులర్ కాదు. సున్నాలెన్నో ఒకట్లూ అన్నే ఉండే భాషని అలా రెండు నిమిషాల్లో తేల్చేసేవాళ్ళం.

ఆ రోజు మాష్టారు బోర్డు మీద ఇంకో భాష రాశారు: `x x^R w`. సున్నాలూ ఒకట్లతో ఏదో ఒక `x`, దాని వెనకే అదే `x` తిరగేసి, ఆ తర్వాత ఏదైనా సరే `w`. `x`, `w` రెండూ ఖాళీగా ఉండకూడదు. అంటే మొదట్లో ఎక్కడో ఒక సరి పొడవు పాలిండ్రోమ్ ఉండాలి, దాని తర్వాత కనీసం ఒక్క అక్షరమైనా మిగలాలి. "ఇది రెగ్యులర్ కాదు. పంపింగ్ లెమ్మాతో చూపించండి, చూస్తాను," అని కిటికీ పక్కకెళ్ళి నిలబడ్డారు.

పావుగంట గడిచింది. గుంటూరు నుంచి వచ్చిన కుర్రాడొకడు, మాలో చురుకైనవాడు, చెయ్యెత్తాడు. "సార్, ఈ భాషకి పంపింగ్ లెమ్మా ఎప్పుడూ తప్పడం లేదండీ. తప్పదు కూడా, చూపిస్తాను."

బోర్డు దగ్గరకెళ్ళి `01101` రాశాడు. ఇక్కడ `x` అంటే `01`, తిరగేస్తే `10`, చివరి `1` మిగతా భాగం. మొదటి సున్నాని పంపు చేస్తానన్నాడు. తీసేస్తే `1101` మిగులుతుంది. దాని మొదట్లో `11` ఉంది, అదీ పాలిండ్రోమే, దాని వెనక `01` ఉంది, కనుక భాషలోనే ఉంది. సున్నాని రెండుసార్లు రాస్తే `001101`. ఇప్పుడు మొదట్లో `00` ఉంది, మళ్ళీ భాషలోనే ఉంది. ఎన్నిసార్లు రాసినా ఆ `00` ఎక్కడికీ పోదు. `x` లో రెండక్షరాలో అంతకన్నా ఎక్కువో ఉంటే ఎప్పుడూ ఇదే కథ: మొదటి అక్షరం తీసేస్తే లోపలి పాలిండ్రోమ్ బయటపడుతుంది, పెంచితే మొదట్లో జంట ఏర్పడుతుంది. `x` ఒక్క అక్షరమే అయితే `w` మొదటి అక్షరాన్ని పంపు చేసుకోవచ్చు. `0010` లో మూడో అక్షరం తీసినా, పెంచినా ముందున్న `00` కదలదు. నాలుగక్షరాలు దాటిన ప్రతి స్ట్రింగుకీ పంపింగ్ లెమ్మా చక్కగా నిలబడుతుందని వాడు అందరి ముందూ తేల్చేశాడు.

రెగ్యులర్ అయితే పంపింగ్ లెమ్మా నిలుస్తుంది. అది నిలిచినంత మాత్రాన భాష రెగ్యులర్ కావాలని లేదు. పుస్తకంలో చదివిన ఈ సంగతికి అంత శుభ్రమైన ఉదాహరణని నేను కళ్ళారా చూడడం అదే మొదలు.

మాష్టారు మహా సంతోషించారు. ఫైల్లోంచి ఒక జిరాక్స్ తీశారు. మింగ్ లీ, పాల్ విటానీ రాసిన వ్యాసం, 1995లో ఎస్‌ఐఏఎమ్ జర్నల్ ఆన్ కంప్యూటింగ్‌లో వచ్చింది. కోల్మొగరోవ్ 1965లో ఇచ్చిన కొలతని తీసుకుని, భాషలు రెగ్యులర్ అవునో కాదో దానితో ఎలా తేల్చాలో అందులో ఉంది. ఒక స్ట్రింగుని కంప్యూటర్ చేత రాయించడానికి అతి చిన్న ప్రోగ్రామ్ ఎన్ని బిట్లు ఉంటుందో, అదే ఆ కొలత.

"టెలిగ్రామ్ అనుకోండి," అన్నారాయన. "మాటకింత అని డబ్బు కట్టాలి. వీలైనంత పొట్టిగా పంపాలి. అవతలివాడు దాన్ని చదివి, పూర్తి సంగతి మళ్ళీ రాబట్టగలగాలి."

ఆ తర్వాత ఆయన చేసిన లెక్క నా నోట్సులో ఇంకా ఉంది. ఈ భాషని గుర్తుపట్టే ఫైనైట్ ఆటోమేటన్ ఒకటి ఉందని ఒప్పుకుందాం. పది స్టేట్లు అనుకుందాం. ఒక్కో స్టేట్ పేరుకి నాలుగు బిట్లు చాలు. ప్రతి స్టేట్ నుంచీ రెండు అక్షరాలకి రెండు బాణాలు, మొత్తం ఇరవై, ఒక్కోదానికి నాలుగు బిట్లు, అంటే 80. ఏ స్టేట్లు అంగీకరిస్తాయో చెప్పడానికి 10 బిట్లు. మొదలయ్యే స్టేట్‌కి 4. మొత్తం మెషీన్ 94 బిట్లలో సరిపోయింది.

ఇప్పుడు ఆ మెషీన్‌కి `01` ని `m` సార్లు వరసగా ఇచ్చారు. అది ఏదో ఒక స్టేట్‌లో ఆగుతుంది. ఆ స్టేట్ పేరుకి ఇంకో 4 బిట్లు. టెలిగ్రాములో పంపేది ఇంతే: మెషీనూ, ఆగిన స్టేటూ, 98 బిట్లు. `m` ఎంతో అందులో ఎక్కడా చెప్పలేదు. అవతలివాడు ఆ స్టేట్ నుంచి మొదలుపెట్టి స్ట్రింగులన్నీ వరసగా ప్రయత్నిస్తాడు, పొట్టివి ముందు, ఒకే పొడవున్నవాటిలో సున్నాలవి ముందు. మెషీన్ మొట్టమొదట అంగీకరించిన స్ట్రింగ్ దగ్గర ఆగిపోతాడు.

"ఏది వస్తుంది?" అని అడిగారు మాష్టారు. `m` మూడు అనుకుని అందరం కాగితం మీద మొదలుపెట్టాం. `010101` వెనక ఏం చేరిస్తే మొదట్లో సరి పొడవు పాలిండ్రోమ్ వస్తుంది? సరి పొడవు పాలిండ్రోమ్ సరిగ్గా నడిమధ్యన ఒకే అక్షరం రెండుసార్లు పక్కపక్కన ఉండి తీరాలి. `010101` లో అలాంటి జంట ఎక్కడా లేదు. కాబట్టి మధ్యభాగం దాని చివర్లోనో, ఇంకా తర్వాతో పడాలి. చివర్లో పడితే `101010` చేరాలి, ఆపైన `w` కోసం ఒక సున్నా. అంటే `1010100`, ఏడు అక్షరాలు. మధ్యభాగం ఇంకా వెనక్కి జరిగితే అంతకన్నా పొడుగవుతుంది. కనుక మొట్టమొదట దొరికేది ఇదే. ఎంత `m` అయినా సరే, ఆ స్ట్రింగ్ పొడవు `2m + 1`. పొడవు చూస్తే `m` తెలిసిపోతుంది.

పంపింగ్ లెమ్మా ముందు అంత మొండికేసిన భాష ఇక్కడ లొంగిపోయింది. మెషీను, స్టేటు, వాటిని చదివి వెతికే చిన్న ప్రోగ్రామ్ కలిపితే మొత్తం ఇన్ని బిట్లని ఒక స్థిరసంఖ్య. `m` లక్షయినా, కోటయినా ఆ సంఖ్య పెరగదు. కానీ అన్ని సంఖ్యల్నీ అంత పొట్టిగా చెప్పడం కుదరదు. `n` బిట్ల కన్నా పొట్టి సందేశాలన్నీ కలిపినా `2^n - 1` మాత్రమే. 1 నుంచి `2^n` వరకు సంఖ్యలు `2^n` ఉన్నాయి. కనీసం ఒక్క సంఖ్యకైనా పొట్టి సందేశం ఉండదు. ఆ సంఖ్యనే `m` గా తీసుకుని, `n` ని మన స్థిరసంఖ్య కన్నా పెద్దదిగా పెట్టుకుంటే వైరుధ్యం వచ్చేస్తుంది. పది స్టేట్లకి బదులు పదివేలున్నా వాదన మారదు, స్థిరసంఖ్య కాస్త పెద్దదవుతుంది, అంతే.

అప్పుడు శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక అమ్మాయి లేచి అడిగిన ప్రశ్న నాకు ఆ రోజంతటిలోకీ విలువైనదిగా తోస్తుంది. "సార్, ఆ 98లో 94 బిట్లు ప్రతి `m` కీ ఒకటే కదండీ. మారేది చివరి నాలుగే. స్టేట్లు పది, కనుక మొదటి స్ట్రింగులు కూడా పదికి మించి రావు. మనకేమో `m` మారినప్పుడల్లా కొత్త స్ట్రింగు వస్తోంది. ఇది మైహిల్–నెరోడ్ సిద్ధాంతమే కదా, బిట్ల గొడవ ఎందుకు?"

"నువ్వన్నది నిజమే," అన్నారు మాష్టారు. దాన్ని తోసిపుచ్చకుండా, రెండు పద్ధతుల్నీ బోర్డు మీద పక్కపక్కన రాసి చూపించారు. మైహిల్–నెరోడ్‌లో రెండేసి స్ట్రింగుల్ని తీసుకుని, ఒకదానితో కలిసేదీ రెండోదానితో కలవనిదీ అయిన తోకని మనమే వెతకాలి. ఇక్కడ ఆ వెతుకులాట లేదు. ఏ తోక చూడాలో పద్ధతే చెబుతుంది, వరసలో మొదటిది. మొదటిదే కానక్కర లేదు కూడా. `n`వ తోక కావాలంటే `n` ని కూడా సందేశంలో పంపాలి, దాని ఖర్చు లెక్కలోకి వస్తుంది. లీ, విటానీల లెమ్మా చెప్పేది అదే: రెగ్యులర్ భాషలో ఏ మొదలుకైనా `n`వ తోక వర్ణన, `n` వర్ణన కన్నా ఒక స్థిరసంఖ్యకి మించి పొడుగవదు. ఆ వ్యాసంలో ఇంకో సంగతి కూడా ఉంది. ఒక్కో మొదలుకీ ఏ తోకలు చెల్లుతాయో, ఏవి చెల్లవో వరసగా రాసిన పట్టిక మొదటి `n` బిట్ల గురించి ఇలాంటి హద్దే పెడితే, అది రెగ్యులర్ భాషలకే సరిపోతుంది, వేరే దేనికీ సరిపోదు. అలాంటి హామీ మేం బట్టీ పట్టిన పంపింగ్ లెమ్మా ఇవ్వలేదు.

క్లాసు అయిపోయే ముందు ఆయన ప్రధాన సంఖ్యల భాషని ఇదే దారిలో ముగించేశారు. ప్రధాన సంఖ్య పొడవున్న సున్నాల వరసలే ఆ భాష. మెషీన్‌కి 113 సున్నాలిచ్చి, ఖాళీ కాని మొదటి తోక అడిగితే 14 సున్నాలు వస్తాయి, ఎందుకంటే 113 తర్వాత ప్రధాన సంఖ్య 127. ప్రధాన సంఖ్యల మధ్య ఖాళీలు ఎంతైనా పెరుగుతాయి. `n! + 2` నుంచి `n! + n` దాకా ఒక్క ప్రధాన సంఖ్య కూడా ఉండదు. స్థిరమైన పొడవున్న సందేశాలు పరిమితం, అన్ని రకాల ఖాళీలని అవి చెప్పలేవు. మూడు వాక్యాల్లో రుజువు పూర్తయింది. పంపింగ్ లెమ్మాతో ఇదే రుజువులో పొడవుల్ని గుణించి, కారణాంకం చూపించే తతంగం ఉంటుంది.

తర్వాత నేనే ఈ పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడు, పిల్లలు ఈ పద్ధతిలో ఎక్కడ జారిపోతారో గమనించాను. ఒకసారి ఒక అబ్బాయి `0*1*` రెగ్యులర్ కాదని రుజువు రాసుకొచ్చాడు. అది రెగ్యులరేనని అందరికీ తెలుసు, ఆ అబ్బాయికీ తెలుసు, తప్పెక్కడుందో దొరక్కే నా దగ్గరకొచ్చాడు. `k` సున్నాలూ ఒక ఒకటీ చదివించి, ఆ తర్వాత వచ్చే తోకల్లో `k`వది అడిగాడు. తోకలు ఖాళీ స్ట్రింగు, `1`, `11`, అలా సాగుతాయి, `k`వదాంట్లో `k - 1` ఒకట్లుంటాయి. దాన్నుంచి `k` తెలుస్తుంది, సందేశమేమో చిన్నది, కాబట్టి వైరుధ్యం అన్నాడు. "సందేశంలో ఏమేం పంపావో వరసగా రాయి," అన్నాను. మెషీన్ రాశాడు, స్టేట్ రాశాడు, ఎన్నో తోక కావాలో అని మూడో గడి గీసి, అందులో `k` రాస్తూ ఆగి, నవ్వాడు.